ఆవకాయ పార్సిల్లో నూనె ఎక్కడి నుంచి కారుతోందండీ?

నమస్తే అండీ,

మీరు అమెరికా పంపిన ఆవకాయ నూనె కారిందని కస్టమర్లు ఫొటో పెట్టినప్పుడు, ఎక్కువసార్లు ఎక్కడి నుంచి కారి ఉంటోంది? మూత దగ్గరా, పౌచ్ అతుకు దగ్గరా, లేక ఎక్కడో చిల్లు పడా? "మూత" అనో "అతుకు" అనో ఒక్క ముక్క కొట్టి పంపినా చాలు.

నా పేరు శ్రీనివాస్, బాలానగర్‌లో సీలింగ్ మెషిన్లు అమ్ముతాను. మీ పేజీలో ప్యాకింగ్ వీడియో చూశాను. అరకేజీ ప్లాస్టిక్ సీసా, మూత చుట్టూ బ్రౌన్ టేపు, పైన క్లింగ్ ఫిల్మ్, దాన్ని జిప్ కవర్లో పెట్టి మళ్ళీ టేపు. మీ ఓపికకి దండం పెట్టాలి. అయినా ఆ వీడియో కిందే డల్లాస్ నుంచి ఒకావిడ బట్టలన్నీ నూనె అయ్యాయని రాశారు, మీరు ఇంకో సీసా పంపిస్తామన్నారు. పచ్చడి ఖరీదు కన్నా కొరియర్ ఛార్జే ఎక్కువ పడే దారిలో రెండోసారి పంపడమంటే ఆ ఆర్డర్లో మీకు మిగిలేదేమీ ఉండదు.

మీ జవాబును బట్టి నేను చెప్పాల్సింది మారిపోతుంది, అందుకే ముందే రేట్ల లిస్టు పంపలేదు.

పౌచ్ అతుకు దగ్గరైతే నా దగ్గర మీరేమీ కొనక్కర్లేదు. పచ్చడి నింపేటప్పుడు పౌచ్ మూతికి నూనె అంటితే సీలు పడినట్టే కనిపిస్తుంది కానీ పట్టదు. మూతి అంచు బయటికి మడిచి నింపండి, మడత విప్పాక లోపలివైపు పొడి గుడ్డతో తుడిచి, ఒకదాని కింద ఒకటి రెండు సీళ్ళు వేయండి. చిల్లు పడుతోందంటే అది అట్టపెట్టె సంగతి, లోపల సీసాలు కదలకుండా సందులు నింపితే చాలావరకు సర్దుకుంటుంది.

మూత దగ్గరైతే మాత్రం టేపు ఎన్ని చుట్లు చుట్టినా లాభం లేదండీ. విమానం పైకి వెళ్ళాక లోపల గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు, ఇంచుమించు ఊటీలో ఉన్నంతే ఉంటుంది. సీసాలో మిగిలిన గాలి వ్యాకోచించి బయటికి వస్తూ మర మూత సందుల్లోంచి నూనెను కూడా తోసుకొస్తుంది. దానికి తోడు కొత్తావకాయ. మూడో రోజు తిరగకలపకుండానే, ఊట సరిగ్గా దిగకుండానే, ఎవరో తొందరపెట్టారని సీసాకెత్తేస్తే లోపల ఇంకాస్త పొంగుతుంది. మీకు నేను ఆవకాయ గురించి చెప్పడమేంటి గానీ, ఆగస్టులో పిల్లలు కాలేజీలకి వెళ్ళే హడావుడిలో ఎంత అనుభవమున్న వాళ్ళైనా ఆ రెండు రోజులు ఆగలేకపోతారు.

దీనికి వాడేది ఇండక్షన్ సీలింగ్. మూత లోపల అల్యూమినియం వాడ్ పెట్టి బిగించి, పైన మెషిన్ ఆనించి స్విచ్ నొక్కితే కొన్ని సెకన్లలో ఆ రేకు సీసా మూతికి అతుక్కుపోతుంది. హార్లిక్స్ సీసా కొత్తగా తెరిస్తే చింపే రేకు లాంటిదే. చేత్తో పట్టుకునే మెషిన్ మా దగ్గర 8,500 రూపాయలు, జీఎస్టీ అదనం. మీరు ఇంట్లోనే చేస్తున్నారు కాబట్టి పెద్ద కన్వేయర్ మెషిన్ వద్దే వద్దు, ఎవరైనా అంటగట్టబోయినా తీసుకోకండి.

ఒక మెలిక ఉంది. అన్ని సీసాలకీ ఒకే వాడ్ పట్టదు. మీ సీసా అడుగున చిన్న త్రికోణంలో అంకె చూడండి, 1 ఉంటే పెట్, 5 ఉంటే పీపీ, దేనికి తగ్గ వాడ్ దానికే. ఇనుప మూతల మీద ఈ మెషిన్ పనిచేయదు, గాజు సీసాలకి మామూలు వాడ్ అంటుకోదు. సీసా మూతికి నూనె జిడ్డు ఉన్నా పట్టదు, కాబట్టి తుడిచే పని ఇక్కడా తప్పదు.

మూత దగ్గరే అని మీరంటే, మీరు వాడే ఖాళీ సీసాలు మూతలతో సహా ఓ నాలుగు పంపండి. వాటిలో నువ్వుల నూనె పోసి, సీలు వేసి, ఒక రాత్రి తలకిందులుగా పెట్టి, పొద్దున వీడియో తీసి పంపిస్తాను. కారితే మీకే తెలుస్తుంది. దానికి డబ్బులేమీ వద్దు. మీ కొరియర్ అబ్బాయి హైదరాబాద్ వైపు వచ్చేటప్పుడు ఇచ్చి పంపినా సరే, ఆదివారం మాత్రం షాపు మూసి ఉంటుంది.

ఉంటానండీ,
శ్రీనివాస్
సీలింగ్ మెషిన్లు, వాడ్‌లు, పౌచ్‌లు
బాలానగర్, హైదరాబాద్