బంధువుల పెళ్లిలో బతికి బట్టకట్టడం ఎలా?

ఈ వారం ప్రశ్న: "అయ్యా, వచ్చే నెలలో మా పెద్దమ్మ కూతురి పెళ్లి. మూడు రోజుల కార్యక్రమం. పిలిచింది 300 మందిని. అందులో 40 మంది ఒకే ఇంట్లో దిగుతున్నాం. ఆ ఇంట్లో బాత్రూములు రెండే. నాకు 27 ఏళ్లు. ఇంకా పెళ్లి కాలేదు, ఉద్యోగం మారాలా వద్దా అని ఊగిసలాడుతున్నాను, ఈమధ్య కాస్త ఒళ్లు కూడా చేశాను. క్షేమంగా తిరిగొచ్చే మార్గం చెప్పగలరు." - కంగారులో ఉన్న ఓ పాఠకురాలు.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు శ్రద్ధగా చదివాను. మీరు బాత్రూముల గురించి బెంగపెట్టుకున్నారు గానీ అసలు ప్రమాదం మీ చివరి వాక్యానికి ముందు వాక్యంలో ఉంది. ముందు దాని సంగతి చూసి, తర్వాత స్నానాల దగ్గరికి వద్దాం.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లికి వెళ్లి చూడు అని మాత్రం ఎవరూ హెచ్చరించలేదు. చేసేవాళ్లకు కనీసం చేతినిండా పని ఉంటుంది. వెళ్లినవాళ్లు ఖాళీ చేతులతో దొరికిపోతారు. ఈ శాస్త్రం మొత్తానికి మూలసూత్రం ఇదే కాబట్టి గుర్తు పెట్టుకోండి: పెళ్లింట్లో చేతులు ఖాళీగా ఉన్న మనిషిని ఎవరైనా ఏమైనా అడగవచ్చు. చేతిలో ఏదో ఉండి, గబగబా నడుస్తున్న మనిషిని ఎవరూ ఆపరు.

అయితే ఏది పట్టుకోవాలన్నది అనుభవం మీద తేల్చాల్సిన విషయం. ఖాళీ పళ్లెం పట్టుకుంటే "ఏం తెచ్చావ్?" అని నలుగురు మూగుతారు. తాళాల గుత్తి గౌరవప్రదమైనదే కానీ, అది చేతిలో ఉన్నవాళ్లను ప్రతి అరగంటకూ ఎవరో ఒకరు మేడమీదికి పంపుతారు. పసిపిల్లలను ఎట్టి పరిస్థితుల్లోనూ ఎత్తుకోవద్దు. మీరు బిడ్డను అందుకున్న క్షణంలో తల్లి మాయమవుతుంది, మళ్లీ భోజనాలయ్యాకే కనిపిస్తుంది. "ఒక్క నిమిషం ఈ బ్యాగు పట్టుకో" అన్న మాటను కూడా ఇదే కోవలో చేర్చవలసిందిగా మనవి.

అన్నిటికన్నా శ్రేష్ఠమైనది నాలుగు మడతలు పెట్టిన కాగితం, ఒక పెన్ను. కాగితం మీద "కుర్చీలు 40, లైటు ఒకటి పోయింది, డ్రైవర్‌కి ఫోన్" అని రాసి ఉంటే చాలు. ఎవరైనా ఎదురుపడగానే ఆ కాగితం విప్పి, నుదురు చిట్లించి, "ఇప్పుడే వస్తా అత్తయ్యా" అని కదలాలి. ఎందుకో ఎవరూ అడగరు. మూడు రోజుల చివర "పిల్ల పాపం ఎంత కష్టపడిందో" అన్న పేరు కూడా దక్కుతుంది.

ఇక పలకరింపుల లెక్క. 300 మంది ఒకరినొకరు ఒక్కసారి పలకరించుకుంటే మొత్తం 44,850 పలకరింపులవుతాయి. మీ వాటా 299. ఒక్కోదానికి అర నిమిషం వేసుకున్నా దాదాపు రెండున్నర గంటలు మీరు నవ్వు ముఖంతో నిలబడాలి. ఇందులో ఇంకో చిక్కుంది. ఒక మనిషి నికరంగా నిలుపుకోగలిగే సంబంధాలు సుమారు 150 అని బ్రిటిష్ మానవశాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ 1990లలో ప్రతిపాదించారు. అంటే మీ స్నేహితులనీ ఆఫీసువాళ్లనీ పూర్తిగా మర్చిపోయినా, వచ్చినవాళ్లలో సగం మంది మీకు గుర్తుండరు. ఆ సగం మందీ మిమ్మల్ని చిన్నప్పుడు ఎత్తుకున్నవాళ్లే.

ఇక్కడే పెళ్లిళ్లలోకెల్లా కఠినమైన పరీక్ష ఎదురవుతుంది. ఒక పెద్దావిడ వచ్చి మీ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంటారు. వదలరు. కళ్లజోడు పైనుంచి చూస్తూ "నేనెవరో చెప్పుకో చూద్దాం" అంటారు. చుట్టూ ఉన్నవాళ్లు మాటలాపి మీ వైపు తిరుగుతారు. ఈ సమయంలో ఊహాగానాలు ప్రాణాంతకం. పిన్ని వరసయ్యే ఆవిడను అత్తయ్యా అన్నారంటే ఆ కబురు సాయంత్రానికల్లా మీ అమ్మకు చేరుతుంది. "సారీ, గుర్తు రావట్లేదు" అనడం అంతకన్నా ఘోరం. నా సిఫారసు ఒక్కటే. ఆవిడ చేతిని మీరు కూడా గట్టిగా పట్టుకుని, "మిమ్మల్ని మర్చిపోతానా! మోకాళ్లు ఇప్పుడెలా ఉన్నాయి?" అని అడగండి. ఒక వయసు దాటాక ఈ ప్రశ్న వృథా పోవడం అరుదు. జవాబులో కావలసిన ఆధారాలన్నీ వాటంతటవే వస్తాయి: ఏ డాక్టరు, ఎవరు తీసుకెళ్లారు, ఏ కొడుకు రాలేదు, ఏ కోడలు మందులు తేవడం మర్చిపోయింది. మూడో నిమిషానికి ఆవిడెవరో తేలిపోతుంది. అప్పుడు మాత్రమే వరస పెట్టి పిలవాలి.

మనిషికీ మనిషికీ మధ్య దగ్గరి స్నేహితులు, కుటుంబసభ్యుల స్థాయిలో సుమారు 45 సెంటీమీటర్ల నుంచి 1.2 మీటర్ల దూరం ఉంటుందని అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1960లలో వర్ణించారు. ముగ్గురు కూర్చునే సోఫాలో ఇద్దరు పెద్దమ్మల మధ్య ఆరోవ్యక్తిగా ఇరుక్కున్న అనుభవం ఆయన పరిశీలనలో ఎక్కడా కనిపించదు. గోడవారగా ఉన్న విడి కుర్చీ ఎంచుకోండి.

ఇప్పుడు మీ మూడు ప్రశ్నలు. "పెళ్లెప్పుడు?" అన్నదానికి కారణాలు చెప్పకండి. కారణం చెబితే పరిష్కారం చెబుతారు, పరిష్కారానికి ఒక ఫోన్ నంబరు కూడా ఉంటుంది. "మీరే చూడాలి పిన్నీ" అనడం వినయంగా కనిపిస్తుంది కానీ అది సంతకం చేసిన అంగీకారపత్రంతో సమానం, జాగ్రత్త. నవ్వి, "మీ కోడలు కనిపించట్లేదే, రాలేదా?" అని అడగండి. సంభాషణ వెంటనే మీ మీదనుంచి మళ్లుతుంది. కాకపోతే ఆ జవాబు ముప్పావు గంట సాగవచ్చు. దగ్గర్లో కుర్చీ లేకుండా ఈ అస్త్రం వాడరాదు.

ఉద్యోగం సంగతి అడిగితే "బాగుంది" అన్న ఒక్క మాట చాలు. మారాలనుకుంటున్నట్టు పొరపాటున కూడా అనకండి. మీ రంగం పేరే ఇంతకుముందు వినని బాబాయ్ ఒకరు కుర్చీ దగ్గరికి లాక్కుంటారు.

"లావయ్యావే" అన్నదానికి "అవును అత్తయ్యా" అని ఊరుకోండి. థైరాయిడ్ అనో, టైలర్ సరిగ్గా కుట్టలేదనో మొదలుపెట్టారా, చర్చ పెరుగుతుంది. ఒప్పేసుకున్నవాళ్లతో వాదించడం ఇంతవరకూ ఎవరికీ చేతకాలేదు.

మైకుల విషయానికొస్తే, 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు మించకూడదనీ, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుందనీ అమెరికాలోని జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ సిఫారసు. అంటే 100 డెసిబెల్స్ దగ్గర మీకున్నది 15 నిమిషాలే. పైగా చుట్టూ హోరు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచ్ వైద్యుడు ఎటియెన్ లొంబార్ 1911లోనే గమనించారు. స్పీకర్ పక్కన నిలబడితే ప్రశ్నలు వినపడవన్నది నిజమే. అయినా వినపడని ప్రశ్నకు తల ఊపకండి. అలా ఊపి, దూరపు బంధువుల ఇంట్లో వేసవి సెలవులన్నీ గడపడానికి ఒప్పుకున్నవాళ్లున్నారు.

గ్రూప్ ఫొటో గురించి కూడా శాస్త్రం ఉంది. ఎవరూ కళ్లు మూయని ఫొటో ఒక్కటైనా రావాలంటే, 20 మంది లోపు ఉన్నప్పుడు, వెలుతురు బాగుంటే తలల సంఖ్యను 3తో భాగించి అన్ని ఫొటోలు తీయాలని ఆస్ట్రేలియాలో ఇద్దరు లెక్కగట్టారు. దీనికి 2006లో ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది. 18 మందికి 6 ఫొటోలు. కానీ ఈ లెక్క అందరూ అక్కడే నిలబడి ఉన్నారన్న భ్రమ మీద ఆధారపడింది. మూడో ఫొటోకి "ఆగండాగండి, బాబాయ్ రాలేదు" అన్న కేక వినిపిస్తుంది. బాబాయ్‌ని వెతకడానికి ఇద్దరు వెళతారు. బాబాయ్ ఇంకో తలుపులోంచి వస్తాడు. ఇప్పుడు ఆ ఇద్దరూ ఉండరు. రెండో వరసలో, గోడకు ఆనుకునే వీలున్న చోట నిలబడటం ఉత్తమం.

భోజనాలకు మొదటి విడతలోనే కూర్చోండి. మొహమాటపడి ఆగినవాళ్లకు నేను చేయగలిగిన సాయం లేదు.

ఇక బాత్రూములు. 40 మందికి రెండు అంటే ఒక్కోదానికి 20 మంది. మనిషికి 12 నిమిషాలు వేసుకుంటే 240 నిమిషాలు, అంటే 4 గంటలు. ఉదయం 8 గంటలకు అందరూ తయారుగా ఉండాలంటే మొదటి మనిషి 4 గంటలకు లోపలికి వెళ్లాలి. ఆ మొదటి మనిషి మీరే అవ్వండి. తలుపు మీద తువ్వాలు వేసి వరస పట్టుకునే పద్ధతిని నమ్ముకోవద్దు, తువ్వాళ్లు కిందపడతాయి, తిరిగి వేసేటప్పుడు వరస మారుతుంది. తలుపు కొట్టి విచారించడమూ దండగే. "లోపలెవరు?" అంటే "నేను" అని వస్తుంది. ఆ ఇంట్లో 40 మందీ "నేను"లే. ఫోన్ చార్జర్ కూడా ఇదే వేళకు పెట్టుకోండి, అప్పుడొక్కటే ప్లగ్గు ఖాళీగా దొరుకుతుంది.

రెండో రోజు మధ్యాహ్నానికి ఎవరో ఒకరు అలుగుతారు. సరిగ్గా పలకరించలేదని కావచ్చు, కారులో వెనక సీటు ఇచ్చారని కావచ్చు. రాయబారానికి వెళ్లకండి. వెళ్లినవాళ్ల మీదికే ఆ అలక మళ్లుతుంది, మొదట అలిగినవాళ్లు హాయిగా భోజనానికి వెళ్లిపోతారు. మీ కాగితం తీసి కుర్చీలు లెక్కపెట్టండి.

వీడ్కోలుకు ఒక గంట అదనంగా కేటాయించుకోండి. గదిలో ఒకసారి, గుమ్మం దగ్గర ఒకసారి, కారు అద్దం దించి ఇంకోసారి. అసలు ముఖ్యమైన కబురు, ఎవరి సంబంధం తప్పిపోయింది, ఎవరు ఇల్లు అమ్మేస్తున్నారు వంటివి, ఇంజన్ స్టార్టయ్యాకే చెబుతారు. డ్రైవర్‌కు ముందే చెప్పి ఉంచండి.

మీ ఉత్తరం వెనకవైపు పెన్సిల్‌తో రాసి కొట్టేసిన ప్రశ్న కూడా చదివాను. లీవు దొరకలేదని చెప్పి తప్పించుకోవచ్చా అని అడిగారు. కుదరదమ్మా. తేదీ ఖాయం చేసుకున్న రోజే మీ పెద్దమ్మ మీ అమ్మకు ఫోన్ చేసి ఉంటారు, మీ సెలవు అప్పుడే మంజూరైపోయి ఉంటుంది.