ఈ వారం వాక్య కార్డులు: సోమ, మంగళ, బుధ

సోమవారం
“యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు.” (కీర్తనలు 23:1)
ధ్యానం: దావీదు బేత్లెహేములో గొఱ్ఱెలు కాసినవాడు. వెనకబడ్డ గొఱ్ఱె కోసం కాపరి ఎంత తిరుగుతాడో అతనికి తెలుసు. అలాంటివాడే తనను గొఱ్ఱెగా చెప్పుకున్నాడు! నెలాఖరులో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తుంటే ఈ మాటను బిగ్గరగా చదవండి.
క్యాప్షన్: డబ్బా అడుగంటినా కాపరి ఉన్నాడు.

మంగళవారం
“నీ వాక్యము నా పాదములకు దీపమును నా త్రోవకు వెలుగునై యున్నది.” (కీర్తనలు 119:105)
ధ్యానం: నూనె దీపం ఊరంతా చూపదు, వేయబోయే అడుగును చూపుతుంది. నాకు అది చాలు.
క్యాప్షన్: ఈ రోజు అడుగుకు ఈ రోజు వెలుగు.

బుధవారం
“ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి.” (మత్తయి 11:28)
ధ్యానం: రాత్రి డ్యూటీ దిగి బస్సులో కునుకు తీస్తున్న నర్సమ్మకూ ఈ పిలుపే.
క్యాప్షన్: అలసిన మీ వాళ్ల పేర్లు రాయండి, ప్రార్థిస్తాం.