వెనక సీటు ప్రశ్న

విశాఖ రైల్వే స్టేషన్ నుంచి మధురవాడ చేరేలోపు అప్పలరాజు పదకొండుసార్లు దగ్గాడు. వెనక సీటులోని పెద్దావిడ లెక్కపెట్టింది.

"ఎన్నాళ్లుగా, బాబూ?"

"రెండు నెలలమ్మా. దుమ్ము."

"రెండు వారాలు దాటితే చాలు, కఫం పరీక్ష చేయించుకోవాలి. నర్సుగా పనిచేసి చెబుతున్నాను. ప్రభుత్వ ఆసుపత్రిలో పైసా అడగరు."

అప్పటికే దగ్గు మందు సీసాలు నాలుగు ఖాళీ అయ్యాయి. బెల్టుకు కొత్తగా రెండు రంధ్రాలు పడ్డాయి. రాత్రుళ్లు చెమటకు దిండు తడిసిపోయేది. అయినా భయం. క్షయ అని తెలిస్తే తన కారు ఎవరు ఎక్కుతారు?

ఒక రాత్రి ఆరేళ్ల కూతురు నిద్రలో దగ్గింది. తెల్లవారగానే వెళ్లి డబ్బాలో కఫం ఇచ్చాడు. క్షయే.

ఆరు నెలల మందులు. మూత్రం నారింజ రంగులో వస్తే హడలిపోయాడు. అది మందు రంగేనని ఆశా కార్యకర్త ధైర్యం చెప్పింది. కూతురిని పరీక్షించి, జబ్బు లేదని తేల్చి, రాకుండా మందు మొదలుపెట్టారు. రెండో నెలకు దగ్గు పోయింది. అసలు కష్టం అప్పుడే వచ్చింది: ఒళ్లు బాగున్నాక మాత్ర మింగబుద్ధి కాదు. మధ్యలో ఆపితే మందులకు లొంగని క్షయగా మారవచ్చని విన్న భార్య లక్ష్మి, రోజూ నీళ్ల గ్లాసుతో ఎదురుగా నిలబడేది.

చివరి పరీక్షలో క్రిములు కనిపించలేదు. ఆ సాయంత్రం స్టేషన్ దగ్గర ఎక్కిన కుర్రాడు ఆగకుండా దగ్గుతున్నాడు.

అప్పలరాజు అద్దాలన్నీ దించాడు.

"ఎన్నాళ్లుగా, బాబూ?"