విషయం: సెప్టెంబర్ బిల్లు, మేడ్చల్ గోదాము - స్టోరేజీ, హ్యాండ్లింగ్ లైన్లపై వివరణ

బిల్లింగ్ విభాగం వారికి నమస్కారం.

లైన్ 2లో 412 ప్యాలెట్లు × 30 రోజులు × రూ.18 = రూ.2,22,480 వేశారు. మీరే పంపిన రోజువారీ క్లోజింగ్ స్టాక్ రిపోర్టులు కూడితే వచ్చేది 10,680 ప్యాలెట్-రోజులు, అంటే రూ.1,92,240. తేడా రూ.30,240. 412 అనేది 18వ తేదీ ఒక్కరోజు నిల్వ. పండగ సరుకు దిగిన రోజది. ఆ అంకెనే నెలంతా లెక్కగట్టినట్టుంది. ఒప్పందం ప్రకారం రోజువారీ నిల్వకే చార్జీ.

లైన్ 5 "హ్యాండ్లింగ్ - ఇతరములు", 640 × రూ.12 = రూ.7,680. 640 ఏమిటి: కార్టన్లా, ప్యాలెట్లా? లేబుళ్లు మార్చిన పనైతే మా వాళ్ల ఆమోద మెయిలు, తేదీవారీ జాబ్ షీటు పంపండి. లోడింగ్, అన్‌లోడింగ్ అయితే అవి లైన్ 3, 4లో ఇప్పటికే ఉన్నాయి, రెండుసార్లు ఇవ్వలేం.

ఈ శుక్రవారంలోగా వివరాలు పంపగలరు. మిగతా లైన్లకు గడువులోనే చెల్లిస్తాం. తగ్గింపును వచ్చే నెల బిల్లులో సర్దకుండా, ఈ బిల్లు నంబరు చూపిస్తూ 18% జీఎస్టీతో సహా క్రెడిట్ నోట్ ఇవ్వండి.

ఇట్లు,
అకౌంట్స్ విభాగం