కూలింగ్ వాటర్ పంపుల బేరింగులు కొద్ది నెలల్లోనే పాడవుతున్న విషయమై లేఖ

పాశమైలారం,
9 జులై 2025.

సర్వీసు విభాగం మేనేజరు గారికి,

నమస్కారం. మీరు సరఫరా చేసిన మూడు సెంట్రిఫ్యూగల్ పంపులను (30 కిలోవాట్లు, 1480 ఆర్‌పీఎం) జనవరి 20న మా యుటిలిటీ విభాగంలో బిగించాము. రాత్రింబవళ్లు నడిచే రెండింటిలో ఒకటో పంపు బేరింగు ఏప్రిల్ 14న, అంటే సుమారు 2,000 గంటలకే, గరగరమనే శబ్దంతో పాడైంది. మీ ఇంజనీరు వచ్చి కొత్త 6309 బేరింగులు వేసి వెళ్లిన తరువాత అదే పంపు జులై 2న మళ్లీ ఆగిపోయింది. ఈలోగా జూన్ 25న రెండో పంపుకూ అదే గతి పట్టింది. మూడోది స్టాండ్‌బై కావడంతో ఆ రెండింటితో పోలిస్తే చాలా తక్కువ గంటలే నడిచింది. అది బాగుండటానికి కారణం అదేనని నా అనుమానం.

మీ ఇంజనీరు తన నివేదికలో అలైన్‌మెంట్ లోపమని రాశారు. అయితే ఏప్రిల్‌లో కప్లింగ్ వద్ద డయల్ గేజితో తీసిన రీడింగులు 0.05 మి.మీ. లోపే ఉన్నాయి, ఆ కాగితంపై వారి సంతకమూ ఉంది. పైపుల ఒత్తిడి ఉందేమోనని ఫ్లాంజి బోల్టులు వదులు చేసి చూశాము, పైపులు కదలలేదు. మొదటిసారి గ్రీజు ఎక్కువ పెట్టామేమోనని మా వాళ్లనే నేను మందలించాను గానీ, తరువాత మీ మాన్యువల్ ప్రకారం తూచి పెట్టినా ఫలితం మారలేదు.

అసలు విషయం పాత బేరింగులు ఊడదీసినప్పుడు బయటపడింది. ఇన్నర్ రేస్ లోపలి వైపు ఎర్రటి తుప్పుపొడి, షాఫ్టు మీద చుట్టూ గీరిన గుర్తులు ఉన్నాయి. అంటే రేస్ షాఫ్టుతో పాటు కాక దాని మీద జారుతూ తిరిగింది. మీ డ్రాయింగులో అక్కడ కె6 టాలరెన్సు ఉంది కనుక షాఫ్టు 45.002 నుంచి 45.018 మి.మీ. మధ్య ఉండాలి. మైక్రోమీటరు చూపినది 44.96. జారడం వల్లే అరిగిందని మీరు అనవచ్చు గనుక, పంపులతో పాటు మీరే పంపగా స్టోరులో ప్యాకింగు విప్పకుండా ఉన్న స్పేరు షాఫ్టును కూడా కొలిపించాను: 44.982.

ఇలాంటి షాఫ్టు మీద ఎన్ని బేరింగులు మార్చినా ప్రయోజనం లేదు. లాకింగ్ ద్రవం పూసి బిగించమని మీ వారు ఫోనులో ఇచ్చిన సలహాను, కొత్త పంపు విషయంలో మేము అంగీకరించలేము.

కాబట్టి మూడు పంపులకూ, స్పేరుకూ కలిపి నాలుగు కొత్త షాఫ్టులను, ఒక్కోదాని కొలతల నివేదికతోనూ బేరింగులతోనూ, వారంటీ కింద జులై 21లోగా పంపవలసిందిగా కోరుతున్నాను. ప్రస్తుతం ప్లాంటు మూడో పంపు ఒక్కదాని మీదే, తగ్గించిన లోడుతో నడుస్తున్నందున ఈ గడువు పెంచడానికి వీలు లేదు. బిగింపు మీ ఇంజనీరు సమక్షంలో జరగాలి. వారంటీ కాలాన్ని ఆ రోజు నుంచి తిరిగి లెక్కించాలి. పాత షాఫ్టులనూ బేరింగులనూ మీ తనిఖీ కోసం భద్రపరిచాము. ఫోటోలు, రీడింగుల ప్రతులు ఈ లేఖకు జతచేశాను.

భవదీయుడు,
మెయింటెనెన్స్ సూపర్‌వైజరు,
యుటిలిటీ విభాగం