జలచక్రం: 5వ తరగతి పాఠ్య ప్రణాళిక (40 నిమిషాలు)

పాఠ్యపుస్తకంలోని జలచక్రం పటాన్ని ఫోటో తీసి, ముద్రించి, ఇద్దరికొకటి చొప్పున ఇవ్వాలి. పుట మడతలో పడి, నేలలోకి ఇంకే నీటిని చూపే బాణం సగమే కనిపిస్తున్నది కనుక, మిగతా సగాన్ని పిల్లల చేతనే గీయించాలి.

బాష్పీభవనం, సాంద్రీకరణం, అవపాతం అనే పదాలను బాణాల వెంట వేలు కదుపుతూ చదివించాలి. తరువాత గాజు గ్లాసులో వేడినీటిని ఉపాధ్యాయులే పోసి, పైన మంచుముక్కలున్న పళ్లెం పెట్టి, దాని అడుగున చుక్కలు కూడి జారే వరకు పిల్లలను గమనించనిచ్చి, పటంలో ఇది ఎక్కడ జరుగుతున్నదో అడగాలి. మేఘమంటే ఆవిరేనని చాలామంది అంటారు. ఆవిరి కంటికి కనిపించదని, మేఘంలో కనిపించేవి సన్నని నీటి బిందువులు, మంచు స్ఫటికాలని అప్పుడే సరిదిద్దాలి.

పటంలో చెట్టున్నా దాని నుండి బాణం లేదు. ఆకులూ ఆవిరిని విడుస్తాయని చెప్పి దానినీ గీయించాలి.

మూల్యాంకనానికి, సముద్రాన్ని విడిచిన నీటిబొట్టు తిరిగి చేరే దారిని మూడు వాక్యాల్లో రాయించాలి.