సబ్జెక్ట్: సైట్ ఇంజినీర్ (సివిల్) ఉద్యోగానికి దరఖాస్తు – చింతపల్లి మండలం గెడ్డ వంతెనల పని

ప్రాజెక్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో గెడ్డల మీద కట్టబోయే మూడు వంతెనలకు సైట్ ఇంజినీర్ కావాలన్న మీ ప్రకటన చూసి ఈ దరఖాస్తు పంపుతున్నాను. నేను బి.టెక్ సివిల్ చదివాను. ఆర్‌సీసీ వంతెనలు, కల్వర్టులు, గ్రామీణ రోడ్ల పనుల్లో ఏడేళ్ల అనుభవం ఉంది. చేసిన పనుల పరిమాణం, భద్రత విషయంలో పాటించే పద్ధతి, మారుమూల సైటులో ఉండగలరా లేదా అన్నది వివరంగా రాయమన్నారు కాబట్టి మెయిల్ కాస్త పొడవైంది.

ప్రస్తుతం చేస్తున్నది 16 మీటర్ల స్పాన్‌లు మూడు, మొత్తం 48 మీటర్ల టీ-బీమ్ వంతెన. డెక్ వెడల్పు 8.4 మీటర్లు, పునాదులు రాతి మీద ఓపెన్ ఫౌండేషన్లు. రెండు పక్కలా కలిపి 600 మీటర్ల అప్రోచ్ రోడ్డు ఉంది. కాంట్రాక్టు విలువ సుమారు 5.8 కోట్ల రూపాయలు, కాంక్రీటు 850 క్యూబిక్ మీటర్లు, స్టీలు 78 టన్నులు. ఇవన్నీ నా ఖాతాలో వేసుకోను. అప్రోచ్ రోడ్డు వేరే ఇంజినీరు చూశారు, డిజైన్ ఆఫీసు నుంచి వచ్చింది. పునాది గోతి నుంచి డెక్ దాకా వంతెన పని నా చేతి కింద ఉంది. రోజుకు 35 నుంచి 55 మంది కూలీలు, ఇద్దరు సూపర్‌వైజర్లు, రాడ్ బెండింగ్, సెంట్రింగ్ మేస్త్రీల ముఠాలు వేరు. లెవెల్స్, బార్ బెండింగ్ షెడ్యూలు, పోర్ కార్డులు, ఎం-బుక్ కొలతలు, ఆర్‌ఏ బిల్లు లెక్కలు నేనే చూస్తాను. దీనికి ముందు 6.4 కిలోమీటర్ల గ్రామీణ రోడ్డు, దాని మీద పదకొండు కల్వర్టులు (ఎక్కువగా 1000 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపులు, రెండు బాక్సులు) పూర్తిచేశాను. ప్రీస్ట్రెస్సింగ్ పని నేను చేయలేదు. మీ మూడు వంతెనల్లో దేనికైనా పీఎస్‌సీ గర్డర్లు ఉంటే ఆ భాగానికి అనుభవం ఉన్న మనిషి తోడుగా కావాలి.

పని ఎలా చేస్తానో తెలియడానికి డెక్ స్లాబు పోత ఒక్కటి వివరిస్తాను. గర్డర్లు ముందే పోసి ఉంటాయి కాబట్టి ఒక స్పాన్ స్లాబుకు, డయాఫ్రమ్‌లకు కలిపి 36 క్యూబిక్ మీటర్లు పడుతుంది. ఎం30 మిక్స్‌లో క్యూబిక్ మీటరుకు 400 కిలోల సిమెంటు లెక్కన 288 బస్తాలు. ఆ సంఖ్యకు పది శాతం ఎక్కువ సిమెంటు, దానికి తగ్గ కంకర, ఇసుక, నీరు, డీజిల్ సైటులో కనిపించే దాకా పోత తేదీ ఖరారు చేయను. సెల్ఫ్ లోడింగ్ మిక్సర్ ఒకటి గంటకు ఆరు క్యూబిక్ మీటర్ల దాకా ఇస్తుంది, అంటే ఆరు గంటల పని. అది మధ్యలో ఆగితే కోల్డ్ జాయింట్ పడుతుంది, తర్వాత ఎంత గ్రౌటు కొట్టినా నీరు కారడం ఆగదు. అందుకని ఒక బస్తా మిక్సర్ మరొకటి, పెట్రోలుతో నడిచే నీడిల్ వైబ్రేటర్ ఒకటి స్టాండ్‌బైగా పెట్టి, ముందు రోజు సాయంత్రమే రెండింటినీ స్టార్ట్ చేసి చూస్తాను. స్టార్ట్ చేయని స్టాండ్‌బై ఉన్నా లేనట్టే. ఎండాకాలంలో అయితే తెల్లవారుజామునే మొదలుపెట్టిస్తాను. ఐఎస్ 456 ప్రకారం 31 నుంచి 50 క్యూబిక్ మీటర్ల మధ్య పోతకు నాలుగు శాంపిళ్లు, శాంపిల్‌కు మూడు క్యూబులు. ఏడు రోజుల పరీక్షకు అదనంగా మరో మూడు. ఇసుక తడిగా ఉంటే పరిమాణం ఉబ్బుతుంది కాబట్టి గమేళాలతో కొలిస్తే ఇసుక తగ్గిపోతుంది, అదే ఇసుకలోని నీటిని లెక్కవేయకపోతే కాంక్రీటు పలచబడుతుంది. వాన పడిన మర్నాడు తేమ చూడకుండా మిక్సింగ్ మొదలుపెట్టనివ్వను.

భద్రత విషయంలో హెల్మెట్, బూట్లు, గ్లవ్స్ లాంటివి అందరూ రాస్తారు. అవి తప్పవు, నేనూ పెట్టిస్తాను. కానీ వంతెన పనిలో ప్రాణాలు పోయేది ఎక్కువగా గోతి కూలినప్పుడు, స్టేజింగ్ కూలినప్పుడు, ఎత్తు నుంచి పడినప్పుడు, కరెంటు తగిలినప్పుడు. నా సమయం ఎక్కువగా ఈ నాలుగింటి మీదే పోతుంది.

ఒకటిన్నర మీటర్లకు మించి లోతున్న గోతిలోకి షోరింగ్ లేకుండా, లేదా వాలు తీయకుండా మనిషిని దింపను. తవ్విన మట్టిని అంచునే పోస్తే ఆ బరువే గోతిని కూలుస్తుంది, కాబట్టి అంచు నుంచి కనీసం ఒకటిన్నర మీటర్ల దూరంలో వేయిస్తాను. గెడ్డ ఒడ్డున బయటకు గట్టిగా కనిపించే మట్టి కూడా ఊట నీటితో రాత్రికి రాత్రే మెత్తబడుతుంది. అందుకే పొద్దున్న దిగేముందు నేనో సూపర్‌వైజరో చుట్టూ నడిచి అంచు పగుళ్లు చూస్తాం. పంపు ఆపి ఉంటే ముందు నీరు తోడించి, ఆ తర్వాతే దిగనిస్తాం.

స్టేజింగ్ గురించి ఇంకాస్త చెప్పాలి. తడి కాంక్రీటు క్యూబిక్ మీటరుకు దాదాపు రెండున్నర టన్నులు. 1.4 మీటర్ల లోతు గర్డర్ కింద చదరపు మీటరుకు మూడున్నర టన్నులు పడితే, పక్కనే ఉన్న 220 మిల్లీమీటర్ల స్లాబు కింద అర టన్ను కొద్దిగా దాటుతుంది. రెండు చోట్లా ప్రాపులు ఒకే దూరంలో పెట్టే మేస్త్రీలు చాలామంది ఉన్నారు. నేను గర్డర్ కింద డ్రాయింగ్‌లోని దూరాన్ని టేపు పట్టి కొలుస్తాను. గెడ్డ అడుగున రాయి లేని చోట ప్రాపు కింద చెక్క ముక్క పెడితే చాలదు, కంకర గట్టిగా దట్టించి సోల్ ప్లేట్ వేయించాలి. క్రాస్ బ్రేసింగ్ రెండు దిక్కులా ఉండాలి. సరుగుడు కర్రలను పరంజాకు ఒప్పుకుంటాను గానీ డెక్ బరువు మోయడానికి ఒప్పుకోను. పోత రోజు కాంక్రీటును ఒకే చోట కుప్పగా పోయనివ్వను, రెండు వైపులా సమంగా పరచుకుంటూ వెళ్లాలి. పోత సాగుతున్నంతసేపు కింద ఒక మనిషి వెడ్జిలు చూస్తూ ఉంటాడు. ఆ మనిషికి ఈల ఇస్తాను, ఈల వినబడితే పైన పని ఆగిపోవాలి.

ఎత్తు పనికి ఫుల్ బాడీ హార్నెస్. దాన్ని కడ్డీకి తగిలించుకుని పనైపోయిందనుకోకుండా, బలమైన లైఫ్‌లైన్‌కు తగిలించారా అన్నదే చూస్తాను. పిల్లర్ స్టీలు పైకి తేలిన చోట చువ్వల కొనలకు టోపీలు. కరెంటుకు ప్రతి బోర్డులోనూ 30 మిల్లీఆంపియర్ల ఈఎల్‌సీబీ, పొద్దున్నే టెస్ట్ బటన్ నొక్కి చూడటం, నేల మీద కేబుల్ జాయింట్లు లేకపోవడం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బయటి పని ఆపి, ఆ గంటలు పొద్దున్న, సాయంత్రం కలుపుతాను. పని మొదలయ్యే ముందు పది నిమిషాలు ఆ రోజు పని గురించే టూల్‌బాక్స్ టాక్. తెలుగులో, ఒడిశా, జార్ఖండ్ కూలీలు ఉంటే హిందీలోనూ చెబుతాను.

ఇక మారుమూల సైటు సంగతి. మాది నర్సీపట్నం దగ్గరి పల్లె. చింతపల్లి ఘాట్ రోడ్డు, అక్కడి చలి, వానలు నాకు కొత్త కాదు. సైటులోనే ఉండటానికి సిద్ధం, కుటుంబం ఊళ్లోనే ఉంటుంది. నెలకోసారి ఇంటికి వెళ్లేందుకు రెండు మూడు రోజులు చాలు. బైకు, లైసెన్సు ఉన్నాయి. ఆటో లెవెల్, టోటల్ స్టేషన్ సొంతంగా వాడగలను.

ఏజెన్సీలో పని క్యాలెండర్‌ను గెడ్డే రాస్తుంది. జూన్ వానలు మొదలయ్యే లోపు గెడ్డలో స్టేజింగ్ మిగలకూడదు. అక్టోబరు, నవంబరు తుపాన్లూ ఉంటాయి కాబట్టి పునాదులు, పియర్లు డిసెంబరు నుంచి మార్చి లోపు, గర్డర్లు, డెక్ మే చివరికి అన్న లెక్కతో వెనక్కి ప్లాన్ వేయాలి. మూడు వంతెనలకూ ఒకే సెంట్రింగ్ సెట్ తిప్పాలని మీరు అనుకుంటుంటే ఈ గడువు కుదరదు. కనీసం రెండు సెట్లు కావాలి, ఎందుకంటే ఆరు మీటర్లు దాటిన బీముల ప్రాపులు 21 రోజులు నిండకముందు తీయకూడదు. పైగా ఐఎస్ 456లో ఆ రోజులు ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు తగ్గని చోటికి రాసినవి. లంబసింగి పక్కన డిసెంబరు, జనవరి రాత్రులు అంతకంటే చాలా చల్లగా ఉంటాయి. అక్కడ తేదీ చూసి ప్రాపు తీయడం ప్రమాదం. అదే చలిలో, వంతెన పక్కనే ఉంచిన క్యూబులు పగలగొట్టి, బలం వచ్చిందని తేలాకే తీయించాలి.

సిమెంటు రెండు వారాల స్టాకు ఎప్పుడూ ఉండాలి, ఘాట్‌లో చెట్టు పడినా కొండచరియ జారినా లారీ రాదు. అలాగని వానాకాలానికి వందల బస్తాలు నిల్వచేస్తే కింది వరుసలు గడ్డకడతాయి. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్ష లేకుండా వాడను. షెడ్డు నేల ఎత్తుగా వేయించి, బస్తాలు గోడకు ఆనకుండా, ముందు వచ్చినవి ముందు వాడేలా పేర్పిస్తాను. గెడ్డ నీటిని మిక్సింగ్‌కు వాడేముందు పరీక్ష చేయించాలి, పీహెచ్ 6 కంటే తగ్గకూడదు. గెడ్డ ఇసుక ఎదురుగా ఉంది కదా అని అనుమతి లేకుండా ఒక్క ట్రాక్టరు కూడా తీయనివ్వను. క్యూబులు సైటులోనే తొట్టిలో క్యూరింగ్ చేసి, తడి గోనెల్లో చుట్టి కొండ కింద ల్యాబ్‌కు పంపుతాను.

సిగ్నల్ లేని చోట డైలీ రిపోర్టు పుస్తకంలో రాసి, రోజూ సాయంత్రం సిగ్నల్ అందే మలుపు దగ్గరకు వెళ్లి ఫొటోలతో పంపుతాను. సంత రోజున స్థానిక కూలీలు రారు, ఆ రోజు పోత పెట్టకూడదు. దోమతెరలు, క్యాంపు చుట్టూ నీరు నిలవకుండా కాలువలు మొదటి వారంలోనే పూర్తి కావాలి. మలేరియా ఒక ముఠాలో పాకితే పది రోజుల పని పోతుంది. 108 రావడానికి సమయం పట్టే చోట కాబట్టి సైటులో ఒక వాహనం, డ్రైవరు రాత్రి కూడా ఉండాలని మిమ్మల్ని ముందే అడుగుతున్నాను. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం వద్దని, కదలనివ్వకుండా నేరుగా యాంటీవీనమ్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాలని క్యాంపులో అందరికీ చెప్పి ఉంచుతాను.

ప్రస్తుత కంపెనీలో నోటీసు గడువు 30 రోజులు. నెలకు 48,000 రూపాయల జీతం, సైటులో వసతి, భోజనం ఆశిస్తున్నాను. సైటు చూశాక ఈ అంకె గురించి మాట్లాడుకోవచ్చు. ఇంటర్వ్యూకు విశాఖపట్నం గానీ, నేరుగా చింతపల్లి గానీ రాగలను, ఆదివారమైనా ఫర్వాలేదు. వచ్చేటప్పుడు పోర్ కార్డులు, క్యూబ్ రిజిస్టర్ నకళ్లు, సేఫ్టీ చెక్‌లిస్టులు తెస్తాను. కంపెనీ పేరు, రేట్లు కనిపించకుండా తీసిన నకళ్లు అవి.

రెజ్యూమె, డిగ్రీ, అనుభవ సర్టిఫికెట్లు, డ్రైవింగ్ లైసెన్సు జతచేశాను. ఫోన్ నంబరు రెజ్యూమెలో ఉంది. పగలు పోత ఉంటే ఎత్తలేను, సాయంత్రం ఆరున్నర తర్వాత చేయగలరు.

ఇట్లు,
బి. అప్పలరాజు
బి.టెక్ (సివిల్), నర్సీపట్నం